కొత్త ఫోన్ మొదటి సెటప్‌లో అంతా చైనీసే, భాష మార్చే చోటు ఎక్కడ?

లలిత_కె

అన్నయ్య పని మీద చైనా వెళ్లి, వస్తూ వస్తూ అమ్మకు ఒక ఆండ్రాయిడ్ ఫోన్ తెచ్చాడు. అక్కడి మార్కెట్ కోసం చేసినదే. సీలు నా చేతులతో నేనే తీశాను. ఆన్ చేస్తే ముందు కంపెనీ గుర్తు, దాని కింద గుండ్రటి బాణం వచ్చాయి. బాణం నొక్కాను. తర్వాత ఒక జాబితా వచ్చింది. అదేంటో అర్థం కాక అడుగున ఉన్న నీలం బటన్ నొక్కేశాను. ఇప్పుడు ఇంకో జాబితా దగ్గర ఆగిపోయాను. పైన పెద్దగా నాలుగు అక్షరాలు, కింద పొడుగు జాబితా, మొదటి వరస పక్కన టిక్. కిందిదాకా జరిపి చూశాను, English అన్న మాటే లేదు. తెలుగు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ ఫోన్‌లో ఇంగ్లీషు అసలు ఉండదా? అన్నయ్య మళ్లీ ప్రయాణంలో ఉన్నాడు, ఫోన్ కలవడం లేదు. ఇంకేదైనా నొక్కితే ఏమవుతుందో అని టెన్షన్‌గా ఉంది.

రవికిరణ్82

సిమ్ వేసి ఆన్ చేయండి. సిమ్ ఏ దేశానిదో చూసుకుని ఫోన్ భాష దానంతట అదే మారిపోతుంది. నా పాత ఫోన్ అలాగే మారింది.

హరిత

కంగారు పడకండి. ఏ దేశంలో కొన్న ఫోన్‌లో అయినా అన్ని భాషలూ ఉంటాయి. మా చెల్లి ఐఫోన్ బయటి దేశంలో కొన్నదే. మొదటి తెర మీద పలకరింపు ఒక్కో భాషలో మారుతూ వస్తుంది, కింది నుంచి పైకి తోస్తే భాషల జాబితా వస్తుంది, అంతే.

ఫోన్‌మిత్ర

లలిత గారూ, ఇప్పటిదాకా ఏమీ పాడవలేదు. సెటప్ పూర్తవనంత వరకు మీరు ఏది ఎంచినా వెనక్కి తీసుకోవచ్చు. నేను ఫోన్లు బాగుచేసేవాణ్ని, ఇలాంటివి తరచూ నా చేతికి వస్తుంటాయి.

నా అనుమానం ఏమిటంటే, మీరు అర్థం కాక దాటేసిన మొదటి జాబితాయే భాషల పేజీ. ఇప్పుడు మీ ముందున్నది ప్రాంతం అడిగే పేజీ. రెండింటికీ శీర్షిక నాలుగేసి అక్షరాలే, అందులో మొదటి రెండూ ఒకటే. అందుకే చాలామంది ఇక్కడే తికమక పడతారు. భాషల పేజీ మీద ఇలా ఉంటుంది:

选择语言

ప్రాంతం పేజీ మీద ఇలా:

选择地区

చివరి అక్షరం ఒక్కటి చూడండి చాలు. భాషదైతే 言. పైన ఒక చుక్క, దాని కింద మూడు అడ్డగీతలు, అడుగున చిన్న పెట్టె. ప్రాంతానిదైతే 区. కుడివైపు తెరిచి ఉన్న పెట్టె, లోపల ఇంటూ గుర్తు. మీ తెర మీద ఏది ఉందో చూసి చెప్పండి. అప్పటిదాకా నీలం బటన్ నొక్కవద్దు.

లలిత_కె

ఇంటూ గుర్తే ఉంది! పెట్టెలో ఇంటూ. అంటే నేను దేశాల జాబితాలో ఇంగ్లీషు కోసం వెతుకుతున్నానా?

ఫోన్‌మిత్ర

అవును, అవి దేశాల పేర్లు, అన్నీ చైనీస్‌లోనే రాసి ఉంటాయి. ఇప్పుడు వెనక్కి వెళ్లాలి. తెర పైన ఎడమ మూలలో చిన్న బాణం ఉంటే అది నొక్కండి. లేకపోతే అడుగున ఎడమవైపు 上一步 అని ఉందేమో చూడండి, వెనకటి పేజీ అని దాని అర్థం. ముందుకు వెళ్లే బటన్ మీద 下一步 అని ఉంటుంది. తేడా అంతా మొదటి అక్షరంలోనే. 上 లో నిలువుగీత నేల మీంచి పైకి లేస్తుంది, 下 లో పైగీత నుంచి కిందికి వేలాడుతుంది.

ఈ రెండూ లేకపోతే తెర ఎడమ అంచు నుంచి లోపలికి వేలితో లాగండి. దానికీ కదలకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఫోన్ ఆపేసి మళ్లీ ఆన్ చేయండి. పూర్తికాని సెటప్ మామూలుగా మొదటి తెర నుంచే మొదలవుతుంది.

పాతఫోన్_ప్రేమి

ఈ 言 కిటుకు మరో చోట కూడా పనికొస్తుంది. జపాన్ ఫోన్‌లో భాష అనే మాటను 言語 అని రాస్తారు. అదే అక్షరం, కాకపోతే చివర కాకుండా ముందు వస్తుంది. రెండో అక్షరానికి ఎడమ సగంలోనూ మళ్లీ అదే బొమ్మ సన్నగా కనిపిస్తుంది. కాబట్టి చైనా ఫోన్ అయినా జపాన్ ఫోన్ అయినా మూడు గీతలు, పెట్టె వెతకండి.

కొరియా ఫోన్‌లో 언어. అందులో రెండు అక్షరాలూ సున్నాతోనే మొదలవుతాయి. మన కళ్లకు సున్నా ఇట్టే దొరుకుతుంది.

నాగు_ఎలక్ట్రికల్

నాది వేరే కథ. అరబిక్ ఫోన్ ఒకటి ఇచ్చారు. మొదటి తెర మీద అరగంట కూర్చున్నాను. కుడివైపు ఉన్నది ముందుకు వెళ్లే బటన్ అనుకుని అదే నొక్కుతున్నా, ఫోన్ వెనక్కి పోతోంది. వాళ్లది కుడి నుంచి ఎడమకు రాత కదా, బటన్లు కూడా తిరగేసి ఉంటాయి. ముందుకు పోవాలంటే ఎడమవైపు నొక్కాలని ఎవరో చెప్తే గానీ తెలియలేదు. అక్కడ భాష అంటే اللغة.

రవికిరణ్82

నేను చెప్పిన సిమ్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అది నిజంగా పనిచేసింది, ఊరికే చెప్పట్లేదు.

ఫోన్‌మిత్ర

రవికిరణ్ గారూ, మీకు జరిగింది అబద్ధమని నేను అనను. సిమ్ కార్డు లోపల ఏ భాష కావాలో రాసి ఉంచే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. సిమ్ నంబరును బట్టి ఏ దేశమో కూడా ఫోన్‌కు తెలుస్తుంది. మనిషి ఇంకా ఏ భాషా ఎంచుకోనప్పుడు కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు వాటిని చూసి భాష పెట్టుకునేవి, పాతవి మరీ ఎక్కువగా. కానీ ఒకసారి ఎవరైనా భాష ఎంచి ముందుకు వెళ్లాక సిమ్ మాట ఫోన్ వినదు. లలిత గారు నీలం బటన్ నొక్కినప్పుడే చైనీస్ ఎంచినట్టయింది. పైగా సిమ్ చెప్పిన భాష ఆ ఫోన్‌లో లేకపోతే అసలు మారేదేమీ ఉండదు.

రవికిరణ్82

అయితే ఖాళీ ఫోన్‌లో ముందు సిమ్ వేసి ఆన్ చేస్తే పని జరుగుతుందన్నమాట. నేను చెప్పిందీ అదే.

ఫోన్‌మిత్ర

జరగవచ్చు, జరగకపోవచ్చు. నేనైతే దాని మీద ఆధారపడను. కంటితో చూసి ఎంచుకునే పేజీ ఉన్నప్పుడు దాన్ని వెతకడమే నయం.

లలిత_కె

దొరికింది!!! ఎడమ మూలలో బాణం నొక్కాను, ముందు నేను దాటేసిన జాబితా వచ్చింది. శీర్షికలో చివర మూడు గీతలు, పెట్టె. అందులో ఐదే వరసలు. మొదటి రెండూ చైనీస్ అక్షరాలు, మూడోది English అని చక్కగా ఇంగ్లీషులోనే ఉంది. దాని కింద ఇంకో రెండు ఉన్నాయి, ఒకటి గీతకు వేలాడుతున్న అక్షరాల్లా, ఇంకోటి ఉర్దూలా. English నొక్కగానే కింది బటన్ Next అయిపోయింది. మొదటిసారి ఎందుకు చూడలేదో తెలియదు. చైనీస్ అక్షరాలు కనిపించగానే మిగతాది కళ్లకు ఆనలేదనుకుంటా.

కానీ తెలుగు లేదు. అమ్మకు ఇంగ్లీషు రాదు.

ఫోన్‌మిత్ర

ఇప్పుడు కాసేపు ఇక్కడే ఆగండి. ఆ ఐదూ ఏమిటంటే సరళ చైనీస్, సంప్రదాయ చైనీస్, ఇంగ్లీషు, టిబెటన్, ఉయ్‌గుర్. మీకు ఉర్దూలా కనిపించినది ఉయ్‌గుర్, అరబిక్ లిపి నుంచి వచ్చిన అక్షరాలతో రాస్తారు. చైనా లోపల అమ్మే ఫోన్లలో ఇలాంటి కురచ జాబితాయే ఎక్కువగా చూశాను.

మీరు గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఏ ఫోన్‌లో అయినా భాషల జాబితాలో ప్రతి భాషనూ దాని సొంత లిపిలోనే రాస్తారు. చైనీస్ ఫోన్ అయినా English అన్నది ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది, తెలుగు ఉంటే తెలుగు అక్షరాల్లోనే ఉంటుంది. కాబట్టి జాబితా చివరిదాకా చూసినా మీరు చదవగలిగే మాట ఒక్కటీ కనిపించలేదంటే, ఇంగ్లీషు లేదని కాదు, మీరున్నది భాషల జాబితా కాదని అర్థం. మీ మొదటి పోస్టు చదవగానే నాకు అనుమానం వచ్చింది అందుకే.

సుధ_టీచర్

తెలుగు కోసం ఇంత తిప్పలు ఎందుకు? కీబోర్డు యాప్ వేసుకుని అందులో తెలుగు ఆన్ చేస్తే అయిపోతుంది కదా. నేను రోజూ అలాగే తెలుగులో రాస్తున్నాను. ఈ పోస్టు కూడా అలా రాసిందే.

వెంకట్_ఎం

సుధ గారూ, మీరు చెప్పేది మనం తెలుగులో రాయడం. లలిత గారు అడిగేది ఫోన్ మనతో తెలుగులో మాట్లాడటం. మెనూలు, సెట్టింగులు, హెచ్చరికలు తెలుగులో రావాలంటే కీబోర్డు వల్ల కాదు.

సుధ_టీచర్

అర్థమైంది. నేను ప్రశ్న సరిగా చదవలేదు. కానీ వాళ్ల అమ్మగారికి కీబోర్డు కూడా కావాల్సిందే కదా, ఆ మాట మాత్రం ఉంచండి.

హరిత

ఇందాక నేను అన్ని ఫోన్లలో అన్ని భాషలూ ఉంటాయని రాశాను. ఐదే ఉన్నాయంటే ఆశ్చర్యంగా ఉంది. మా చెల్లి ఫోన్‌లో జాబితా చాలా పొడుగు, తెలుగు కూడా వచ్చింది.

ఫోన్‌మిత్ర

ఐఫోన్ వరకు మీరు చెప్పింది సరైనదే హరిత గారూ. చైనాలో కొన్నా జపాన్‌లో కొన్నా లోపలి సాఫ్ట్‌వేర్ భాషలు ఒకటే. తెలుగు ఐఓఎస్ 18.4 నుంచి వచ్చింది. అంతకంటే పాత వెర్షన్‌తో పెట్టె తెరిస్తే జాబితాలో తెలుగు కనిపించదు, ముందు ఇంగ్లీషుతో సెటప్ ముగించి అప్‌డేట్ చేశాక మార్చుకోవాలి.

ఆండ్రాయిడ్‌లో అలా కాదు. తయారీదారు ఒకే ఫోన్‌కు ఒక్కో మార్కెట్ కోసం ఒక్కో రామ్, అంటే ఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మొత్తం, తయారు చేస్తాడు. చైనా రామ్‌లోకి ఏయే భాషలు చేర్చాలో అక్కడే నిర్ణయం అయిపోతుంది. తెలుగు అనువాదం ఆ కంపెనీ దగ్గర ఉన్నా, ఈ రామ్‌లో పెట్టరు. కాబట్టి లలిత గారి ఫోన్‌లో తెలుగు ఎక్కడో దాక్కుని లేదు, జాబితాలోనే లేదు. ఈ రెండింటికీ తేడా తెలియక గంటల కొద్దీ వెతికినవాళ్లను చూశాను.

లలిత_కె

తర్వాతి పేజీలో ప్రాంతం అడుగుతోంది, ఇప్పుడు ఇంగ్లీషులో. జాబితాలో India ఉంది. అది ఎంచితే తెలుగు వస్తుందా?

రవికిరణ్82

వస్తుంది. ప్రాంతం మారిస్తే ఆ దేశపు భాషలు తెరుచుకుంటాయి.

ఫోన్‌మిత్ర

రాదు. ప్రాంతం మారిస్తే తేదీ రాసే తీరు, సమయం, యాప్ స్టోర్‌లో ఏమి చూపించాలన్నవి మారతాయి. రామ్‌లో లేని భాషను ప్రాంతం తెచ్చి పెట్టలేదు. అయినా ఫోన్ వాడే చోటునే ఎంచండి లలిత గారూ, అదే సరైన పద్ధతి.

పాతఫోన్_ప్రేమి

పొడుగు జాబితా ఉండే ఫోన్ల గురించి కూడా ఒక మాట రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నా దగ్గర జపాన్ మార్కెట్ ఆండ్రాయిడ్ ఒకటి ఉంది. మొదటి తెర మీద 日本語 అన్న మాట పక్కన చిన్న కింది బాణం ఉంది. అది అలంకారం అనుకుని వదిలేశాను. అదే భాష మార్చే బటన్! నొక్కితే పెద్ద జాబితా తెరుచుకుంది. అందులో ముందు ఇంగ్లీషు లిపి భాషలన్నీ వస్తాయి, మన లిపులు బాగా కిందికి వెళ్తే గానీ రావు. తెలుగు తమిళానికి, కన్నడానికి మధ్యలో కూర్చుని ఉంది. తొందరపడి సగంలో వదిలేస్తే దొరకదు.

వెంకట్_ఎం

మొదటి తెర మీద ఇంకో ప్రమాదం ఉంది. నేను భాష బటన్ అనుకుని 紧急呼叫 అన్నది నొక్కాను. అది అత్యవసర కాల్. నంబరు నొక్కే పలక వచ్చేసరికి గుండె ఆగినంత పనైంది. నంబరు కొట్టలేదు కాబట్టి ఎవరికీ పోలేదు. నాలుగు అక్షరాల్లో చివరి రెండింటికీ ఎడమవైపు చిన్న పెట్టె ఉంటుంది, అలాంటిది కనిపిస్తే దాని జోలికి పోకండి. భూగోళం బొమ్మ ఉంటే అది భాషది. చేతులు చాచిన మనిషి బొమ్మ ఉంటే అది చూపు, వినికిడి సదుపాయాలది.

శ్రవణ్_వింటాను

ఆ మనిషి బొమ్మ నాకు సంబంధించినది కాబట్టి రాస్తున్నాను. నాకు చూపు లేదు. మూడు గీతలు, పెట్టె అన్న కిటుకు నాకు పనికిరాదు. ఐఫోన్‌లో మొదటి తెర దగ్గరే పక్క బటన్ మూడుసార్లు నొక్కితే తెర చదివి వినిపించడం మొదలవుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి కొన్ని సెకన్లు పట్టుకోవాలి. చైనా ఫోన్ ఒకదానిలో అలా చేస్తే గొంతు వచ్చింది, కానీ చైనీస్‌లో వచ్చింది. వరసలు ఒక్కొక్కటిగా కుడికి తోస్తూ వెళ్లాను. English అన్న వరస మీదికి రాగానే ఆ గొంతే యాసతో ఇంగ్లీష్ అని పలికింది. అక్కడ రెండుసార్లు తట్టాను, టిక్ పడింది. చూపు ఉన్నవాళ్ల సాయం లేకుండానే దాటాను. మొదటి తెర మీద గొంతే రాని ఫోన్ కూడా ఒకటి తగిలింది. దానికి మాత్రం పక్కింటి అబ్బాయిని పిలవాల్సి వచ్చింది.

లలిత_కె

శ్రవణ్ గారూ, మీ పోస్టు అమ్మకు చదివి వినిపించాను. కళ్లుండీ చూడలేకపోయానే అనుకోకు అని నన్ను ఓదార్చింది.

ఇప్పుడు అసలు సమస్యకు వస్తాను. గ్లోబల్ రామ్ ఎక్కిస్తే తెలుగు వస్తుందని అన్నయ్య స్నేహితుడు అంటున్నాడు. చేయించనా?

వెంకట్_ఎం

చేయించండి. నా ఫోన్‌కు చేయించాను, ఆరు నెలలుగా బాగానే ఉంది.

ఫోన్‌మిత్ర

తొందరపడకండి. దానికి ముందు బూట్‌లోడర్ తాళం తీయాలి, ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు ఏ రామ్‌ను నడపాలో చూసే భాగం అది. తాళం తీసే పనిలో ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఖాళీ ఫోన్ కాబట్టి మీకు అది నష్టం కాదు. అసలు భయం తర్వాతిది. వేరే మార్కెట్ రామ్ ఎక్కించాక ఎవరైనా తెలియక తాళం మళ్లీ వేస్తే, కొన్ని ఫోన్లు ఈ రామ్ ఈ ఫోన్‌ది కాదని గుర్తుపట్టి తెరుచుకోవడమే మానేస్తాయి. తాళం తీసి ఉంచేస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు. అమ్మగారి చేతికి ఇచ్చే ఫోన్‌కు ఈ తలనొప్పి నేను పెట్టను.

వెంకట్ గారి ఫోన్ బాగానే ఉందంటే సంతోషం. కానీ తాళం తీసి ఉందా, వేసి ఉందా అన్నది ఆయన ఒకసారి చూసుకోవాలి. ఆన్ చేసేటప్పుడు తెరిచిన తాళం బొమ్మ వస్తే తీసి ఉన్నట్టు.

వెంకట్_ఎం

తెరిచిన తాళం బొమ్మే వస్తోంది. అది కంపెనీ అలంకారం అనుకున్నాను. సరే, నేను దాన్ని ముట్టుకోను.

పాతఫోన్_ప్రేమి

కొన్నప్పుడే ఎవరో రామ్ మార్చి అమ్మారేమో అని అనుమానం ఉన్నవాళ్లు షావోమీ ఫోన్లయితే ఎంఐయూఐ లేదా హైపర్‌ఓఎస్ వెర్షన్ నంబరు చివర చూడండి. CNXM అని ఉంటే చైనాది, INXM అయితే భారత్‌ది, MIXM అయితే గ్లోబల్. సెట్టింగుల్లో ఫోన్ గురించి చెప్పే పేజీలో ఉంటుంది. చైనీస్‌లో ఆ పేజీ పేరు 关于手机.

కంప్యూటర్_శీను

రామ్ మార్చకుండా ఒక దారి ఉంది, నేను చేసి చూశాను. సెటప్ ముగిశాక డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, adb అనే ప్రోగ్రామ్ ఉన్న కంప్యూటర్‌కు కలిపి ఇది కొట్టాలి:

```
adb shell settings put system system_locales te-IN,en-US
```

తర్వాత ఫోన్ ఆపి ఆన్ చేయాలి. ముందు తెలుగు వెతుకు, లేకపోతే ఇంగ్లీషు చూపించు అని దాని అర్థం. నా ఫోన్‌లో చాలా యాప్‌లు తెలుగులోకి వచ్చాయి. సెట్టింగులు మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోయాయి.

ఫోన్‌మిత్ర

శీను గారు చెప్పింది సరైన దారే, ఆయన చెప్పిన ఫలితమే వస్తుంది. రామ్‌లో తెలుగు మాటలు లేని చోట తెలుగు ఎక్కడి నుంచీ రాదు. యాప్‌లు మాత్రం తమ తెలుగు మాటలను తమతోనే తెచ్చుకుంటాయి కాబట్టి మారతాయి. కొన్ని ఫోన్లలో ఈ కమాండ్‌కు అనుమతి లేదని వస్తుంది. డెవలపర్ ఆప్షన్లలోనే భద్రతా సెట్టింగులు మార్చేందుకు వేరే డీబగ్గింగ్ స్విచ్ ఉంటే, అది కూడా ఆన్ చేస్తే గానీ ఒప్పుకోదు. నచ్చకపోతే te-IN తీసేసి అదే కమాండ్ మళ్లీ కొడితే పాత స్థితికి వస్తుంది. పని అయ్యాక డీబగ్గింగ్ ఆపేయండి.

కంప్యూటర్ వద్దనుకుంటే ఒక్కో యాప్‌కు విడిగా భాష పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ 13 నుంచి ఆ వీలు ఉంది, యాప్ సమాచారం పేజీలో భాష అన్న వరస కనిపిస్తుంది. చైనా రామ్‌లలో కొందరు ఆ వరస తీసేస్తారు. వాట్సాప్‌లో అయితే దాని సెట్టింగుల్లోనే యాప్ భాష అని ఉంటుంది. అమ్మగారు ఎక్కువగా వాడేది అదే అయితే సగం పని అయినట్టే.

లలిత_కె

సెటప్ అయిపోయింది. India ఎంచాను, వైఫై కలిపాను, మిగతావన్నీ ఇంగ్లీషులోనే అడిగింది. వాట్సాప్ తెలుగులో పెట్టాను. కీబోర్డు కూడా పెట్టాను, సుధ గారికి థాంక్స్. అమ్మ మొదటి మెసేజ్ అన్నయ్యకే పంపింది, "ఫోన్ మాట వింటోంది" అని.

ఒక్కటి మిగిలింది. ఇంగ్లీషు పెట్టాక కూడా వాతావరణం యాప్‌లో, అప్పుడప్పుడు పైన వచ్చే హెచ్చరికల్లో చైనీస్ వస్తోంది. భాషల పేజీకి మళ్లీ వెళ్లి చూశాను, English పక్కనే టిక్ ఉంది.

ఫోన్‌మిత్ర

అది మీ తప్పు కాదు. ఆ యాప్ చైనా వాళ్ల కోసమే చేసినది, దానిలో ఇంగ్లీషు మాటలు రాయలేదు. హెచ్చరికలు చాలావరకు కంపెనీ సర్వర్ నుంచి చైనీస్‌లోనే వస్తాయి. వచ్చిన హెచ్చరికను నొక్కి పట్టుకుంటే దాన్ని ఆపేసే వీలు కనిపిస్తుంది. వాతావరణానికి వేరే యాప్ వేయండి.

హరిత

ఒకవేళ అమ్మగారు పొరపాటున మళ్లీ చైనీస్ చేసేస్తే ఎలా? మా ఇంట్లో చిన్నపిల్లలు ఇలాంటివి తేలిగ్గా చేసేస్తారు.

ఫోన్‌మిత్ర

పళ్లచక్రం బొమ్మ ఎప్పుడూ సెట్టింగులే, దాని బొమ్మ ఏ భాషలోనూ మారదు. లోపల 言 ఉన్న వరస పట్టుకోవాలి. కొన్ని ఫోన్లలో అది 系统 అన్న వరసలో ఉంటుంది, కొన్నిటిలో 更多设置 లోపల. లలిత గారూ, ఫోన్ ఇప్పుడు ఇంగ్లీషులో ఉంది కదా, సెట్టింగుల నుంచి భాషల పేజీ దాకా ఒక్కో తెరనూ స్క్రీన్‌షాట్ తీసి మీ ఫోన్‌కు పంపుకోండి. ఎన్నో వరస నొక్కాలో తెలిస్తే అక్షరాలు చదవనక్కర్లేదు.

రీసెట్ చేద్దాం అని మాత్రం వెంటనే అనుకోకండి. గూగుల్ ఖాతా కలిపి ఉన్న ఫోన్‌ను బయటి నుంచి బటన్లతో రీసెట్ చేస్తే, సెటప్‌లో పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. అది గుర్తు లేకపోతే భాష సమస్య కంటే పెద్ద సమస్యలో పడతారు.

లలిత_కె

స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాను, నాలుగు తెరలు. శీను గారి కమాండ్ ఈ ఆదివారం ప్రయత్నిస్తాను. ఒక సందేహం: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే అది నిలుస్తుందా?

కంప్యూటర్_శీను

నాకు రెండు అప్‌డేట్లు వచ్చాయి, తెలుగు అలాగే ఉంది.

నాగు_ఎలక్ట్రికల్

మా బావమరిది ఫోన్‌లో అదే కమాండ్ కొట్టాం. అప్‌డేట్ తర్వాత కాదు గానీ, భాషల పేజీ ఊరికే తెరిచి English నొక్కగానే తెలుగు పోయింది. మళ్లీ కొట్టాల్సి వచ్చింది. అమ్మగారిని ఆ పేజీ తెరవవద్దని చెప్పండి.

లలిత_కె

సరే. ఆదివారం చేసి, ఏయే చోట్ల తెలుగు వచ్చిందో, ఎక్కడ రాలేదో ఇక్కడే రాస్తాను.